పెట్టెలు ఏ వైపు గీశారో చూడకుండా మార్కులు వేయకండి

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్తాను. ధర్మవరం, కళ్యాణదుర్గం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే పిల్లలు వాళ్లు. వాళ్ల జవాబు పత్రాల్లో ఒక తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. దానికి పూర్తి మార్కులు పడుతున్నాయి. నా కోపమంతా ఆ మార్కుల మీదే.

ప్రశ్న అందరికీ తెలిసిందే. 1 + 1/2 + 1/3 + 1/4 + … అనే హార్మోనిక్ సిరీస్ అపసరిస్తుందని, అంటే దాని మొత్తం ఏ హద్దూ లేకుండా పెరుగుతూ పోతుందని సమాకలనితో పోల్చి చూపించాలి. పిల్లలు y = 1/x వక్రం గీస్తారు. కింద కొన్ని దీర్ఘచతురస్రాలు గీస్తారు. 1 నుంచి n వరకు వక్రం కింద వైశాల్యం ln n అని రాస్తారు. n పెరిగితే ln n అనంతానికి పోతుంది, కాబట్టి సిరీస్ కూడా పోతుంది, అని ముగిస్తారు. దిద్దేవాళ్లు బొమ్మ ఉంది, ln n ఉంది, చివరి మాట సరిగ్గానే ఉంది అని టిక్కు పెట్టేస్తారు.

కానీ ఆ పెట్టెలు వక్రానికి లోపల గీశారా, వక్రం కంటే పైకి వచ్చేలా గీశారా? రుజువంతా ఆ ఒక్క దాని మీదే నిలబడి ఉంది.

1 నుంచి 4 వరకు చేసి చూద్దాం. వక్రం కింద వైశాల్యం ln 4, అంటే దాదాపు 1.386. ఇప్పుడు ఒక్కో పెట్టె ఎత్తు దాని ఎడమ అంచు దగ్గర తీసుకోండి. 1 నుంచి 2 దాకా ఉన్న పెట్టె ఎత్తు 1, తర్వాతది 1/2, ఆ తర్వాతది 1/3. వక్రం కుడివైపుకు దిగుతూ పోతుంది కాబట్టి ప్రతి పెట్టె వక్రం మీదికి పొడుచుకొస్తుంది. మూడింటి వైశాల్యం 1 + 1/2 + 1/3 = 1.833. ఇది 1.386 కంటే పెద్దది. ఇలాగే n పెట్టెలు గీస్తే అవి 1 నుంచి n+1 దాకా పరుచుకుంటాయి. మొదటి n పదాల మొత్తాన్ని Hₙ అంటే, Hₙ > ln(n+1). ఇక మీరు ఎంత పెద్ద సంఖ్య M చెప్పినా, n+1 ని e^M కంటే పెద్దగా తీసుకుంటే చాలు, Hₙ దాన్ని దాటేస్తుంది. రుజువు అయిపోయింది.

ఇప్పుడు చాలామంది పిల్లలు గీసే బొమ్మ చూడండి. ఎత్తు కుడి అంచు దగ్గర తీసుకుంటారు. అప్పుడు పెట్టెల ఎత్తులు 1/2, 1/3, 1/4. అన్నీ వక్రం లోపలే ఒదిగిపోతాయి. మొత్తం 1.083, అంటే 1.386 కంటే తక్కువ. దీని నుంచి వచ్చేది Hₙ − 1 < ln n అనే మాట మాత్రమే. అనంతానికి పోయేదాని కంటే మన మొత్తం చిన్నది అని తెలిసింది, అంతే. చిన్నది ఆగిపోవచ్చు, ఆగకపోవచ్చు. ఈ బొమ్మతో అపసరణం గురించి ఏమీ తేలదు.

"చివరి జవాబు కరెక్టే కదా సార్, మార్కులు ఎందుకు కోయాలి?" అని నాతో పనిచేసే ఒక మిత్రుడు వాదించాడు. ఆయనకు చెప్పిందే ఇక్కడ కూడా చెప్తాను. అదే తర్కాన్ని 1 + 1/4 + 1/9 + 1/16 + … మీద వాడి చూడండి. 1/4 అనేది 1/2 కంటే చిన్నది, 1/9 అనేది 1/3 కంటే చిన్నది. కాబట్టి మొదటి 1 వదిలేస్తే ఈ మొత్తం కూడా ప్రతిసారీ ln n కంటే తక్కువే. ln n అనంతానికి పోతుంది కాబట్టి ఇది కూడా పోతుందా? పోదు. ఇది π²/6 దగ్గర, అంటే 1.645 దగ్గర ఆగుతుందని ఆయిలర్ 18వ శతాబ్దంలోనే తేల్చాడు. ఒక తర్కం తప్పు మాటను కూడా రుజువు చేయగలిగితే అది రుజువు కాదు. దానికి మార్కులు వేసి, తర్వాత ఎమ్మెస్సీలో పిల్లవాడికి అసమానతలు అర్థం కావడం లేదని బాధపడితే ఎట్లా?

లోపలి పెట్టెలు పనికిరావని మాత్రం అనను. వాటి పని వేరు. రెండు బొమ్మలూ కలిపితే ln(n+1) < Hₙ < 1 + ln n అని వస్తుంది (కుడివైపు n = 1 దగ్గర మాత్రం రెండూ సమానం). పై బొమ్మ మొత్తం ఆగదని చెప్తుంది, లోపలి బొమ్మ అది ఎంత నిదానంగా పెరుగుతుందో చెప్తుంది. పది లక్షల పదాలు కూడితే మొత్తం 13.8కీ 14.8కీ మధ్య ఉండాలి. నిజంగా కూడితే వచ్చేది 14.39. మొత్తం 100 దాటాలంటే కనీసం e^99 పదాలు కావాలి, అంటే 1 పక్కన 43 సున్నాలు పెట్టినంత. సెకనుకు లక్ష కోట్ల పదాలు కూడే యంత్రం ఉన్నా ఈ విశ్వం వయసు దానికి ఏ మూలకూ సరిపోదు.

అందుకే పిల్లలకు నమ్మకం కుదరదు. ఒకమ్మాయి C ప్రోగ్రాం రాసి తెచ్చి, "సార్, 15.40 దగ్గర ఆగిపోయింది, ఇంక కదలడం లేదు" అంది. మంచి ప్రశ్న. తను వాడింది 32 బిట్ల float. అది దాదాపు ఏడు అంకెల వరకే పట్టుకోగలదు. 20 లక్షల 97 వేల పదాలు దాటాక కొత్తగా కలిపే 1/n ఎంత చిన్నదంటే, 15.40కి కలిపినా రౌండింగులో మాయమైపోతుంది. ఆగింది సిరీస్ కాదు, float. ఎలా తెలుస్తుందంటే, float తీసేసి double పెట్టమన్నాను. మొత్తం 15.40 దాటి పైకి పోయింది. నిజంగా అభిసరించే సిరీస్ అయితే అంకెలు పెంచితే ఆగే చోటు కాస్త సరిదిద్దుకుంటుందే తప్ప, ఇలా పైకి పోతూ ఉండదు.

సమాకలని ఎందుకు, పదాలను గుంపులు చేసే పాత పద్ధతి చాలదా అని కొందరు అడుగుతారు. 1/3 + 1/4 కలిపితే 1/2 దాటుతుంది, 1/5 నుంచి 1/8 వరకు కలిపితే మళ్లీ 1/2 దాటుతుంది, ఇట్లా పోతుంది ఆ రుజువు. 14వ శతాబ్దంలో ఫ్రాన్సులో నికోల్ ఒరెమ్ ఇచ్చాడు. చాలా అందమైన రుజువు, నేనూ మొదట అదే చెప్తాను. అయితే అది పరిమాణం చెప్పడంలో వెనకపడుతుంది. 2^20 పదాలకు అది మొత్తం కనీసం 11 అంటుంది. సమాకలని కనీసం 13.86 అంటుంది. అసలు విలువ దాదాపు 14.44. పైగా గుంపుల పద్ధతిలో పైహద్దు కావాలంటే ఇంకోసారి వేరుగా గుంపులు కట్టాలి. సమాకలనిలో అదే వక్రం మీద పెట్టెలను ఒక గడి పక్కకు జరిపితే చాలు.

ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. "అపసరిస్తుందని చూపండి" అని వదిలేయకండి. రెండు బొమ్మలూ పక్కపక్కన ఇచ్చి, ఏ బొమ్మ అపసరణాన్ని రుజువు చేస్తుంది, రెండోది ఎందుకు చేయదు, 1/x దిగుతూ పోతుందన్న సంగతి ఎక్కడ వాడారు అని అడగండి. ఐదు మార్కుల్లో మూడు దానికే పెట్టండి.