పదాలు మారిస్తే పారాఫ్రేజ్ అయిపోదు

"పెద్ద థియరీ ఆర్టికల్ సమ్మరీ రాయాలా? ప్రతి లైన్‌లో మూడు నాలుగు పదాలు మార్చండి, పేరా చివర ఒక సైటేషన్ పెట్టండి. సిమిలారిటీ 10% లోపు వస్తే ప్లేజియరిజం కానే కాదు, యూజీసీ రూలే ఉంది."

హైదరాబాద్ పీజీ గ్రూపులన్నిట్లో తిరుగుతోంది ఇది, సబ్మిషన్ల టైం కదా మరి.

ముందు యూజీసీ సంగతి. 2018 రెగ్యులేషన్స్‌లో 10% వరకు పెనాల్టీ లేదన్నది నిజమే, కానీ అది శిక్షల లెక్కలో మొదటి మెట్టు, అంతే. ప్లేజియరిజం అంటే ఏంటో చెప్పిన చోట పర్సెంటేజ్ ఊసే లేదు, ఇంకొకరి పనిని గానీ ఐడియాని గానీ మనదిగా చూపించుకోవడం అని ఉంది. ఐడియా అన్నది కూడా ఉంది చూడండి. ఇంగ్లీష్ ఆర్టికల్‌ని పేరు చెప్పకుండా తెలుగులోకి దింపేస్తే సిమిలారిటీ రిపోర్ట్‌లో ఏమీ పడకపోవచ్చు, అయినా అది కాపీయే. కోట్ మార్కులు, పేజీ నంబర్ పెట్టి పద్ధతిగా రాసినోడికి సెట్టింగ్‌ని బట్టి ఎక్కువ పర్సెంట్ చూపించొచ్చు కూడా.

ఇక పదాలు మార్చే పని, ఇది నేనూ చేశాను కాబట్టి వివరంగా చెప్తా. పీజీలో ఫ్రెంచ్ తత్వవేత్త అల్తుసర్ వ్యాసం ఇచ్చారు, భావజాలం గురించి 1970లో ఫ్రెంచ్‌లో వచ్చింది, మరుసటేడు ఇంగ్లీష్‌లోకి వచ్చింది. అందులో ఒక వాక్యం తెలుగులో దాదాపు ఇలా ఉంటుంది: "మనుషులకు తమ నిజమైన జీవన పరిస్థితులతో ఉన్న ఊహాత్మక సంబంధానికి రిప్రజెంటేషనే భావజాలం." నేను రాసింది: "వ్యక్తులకు తమ అసలైన బతుకు స్థితిగతులతో ఉండే కాల్పనిక సంబంధపు ప్రతిబింబమే భావజాలం." నారాయణగూడలో జిరాక్స్ తీయించి సబ్మిట్ చేస్తే మా గైడ్ ఎర్రపెన్నుతో "ప్రతిబింబం" చుట్టూ రెండు సున్నాలు చుట్టి, వాక్యం ఆయనది, తప్పు మాత్రం నీది అన్నారు.

ఆయన చెప్పాక అర్థమైంది. వాక్యం అస్థిపంజరం అట్లనే ఉంది, పైన చొక్కా మార్చానంతే, కాబట్టి కాపీ. పైగా ప్రతిబింబం అనగానే బతుకు ఎట్లుందో అది అద్దంలో కనిపిస్తున్నట్టు అయిపోయింది, అల్తుసర్ కాదన్నదే అది, అక్కడ కనిపించేది పరిస్థితులు కాదు, వాటితో మనకున్న సంబంధం అంటాడాయన. థియరీలో మాట మారిస్తే వాదనే మారిపోతుంది. అందుకే "ఇంటర్‌పెలేషన్" లాంటి ఆయన సొంత మాటలకి పర్యాయపదాలు వెతకొద్దు, మొదటిసారి కోట్ మార్కుల్లో పెట్టి పేజీ ఇచ్చి, అదేంటో మీ మాటల్లో ఒక లైన్ రాస్తే చాలు.

తర్వాత నేను చేసింది ఏంటంటే, ఒక సెక్షన్ చదవడం, ఆర్టికల్ మూసేయడం, చీటీ మీద రచయిత ఇక్కడ దేన్ని కాదంటున్నాడు, దాని బదులు ఏం అంటున్నాడు అని రెండు లైన్లు పేజీ నంబర్‌తో రాయడం, అప్పుడు తెరిచి పోల్చుకోవడం. మూసేశాక రెండు లైన్లు రాలేదంటే అర్థం కాలేదన్నమాట, మళ్ళీ చదవాల్సిందే. అట్ల వచ్చిన వాక్యం ఇది: "మన బతుకు ఎలా ఉందో కాదు, దానితో మనకేం సంబంధం ఉందని మనం ఊహించుకుంటామో అదే భావజాలంలో కనిపిస్తుందని అల్తుసర్ అంటాడు." పక్కనే బ్రాకెట్లో సంవత్సరం, పేజీ. పారాఫ్రేజ్‌కి పేజీ నంబర్ కంపల్సరీ కాదు ఏపీఏ సైటేషన్ స్టైల్‌లో, కానీ అరవై పేజీల వ్యాసంలో వెతుక్కునేవాడి మీద దయుంచి ఇవ్వండి.

పేరా చివర ఒక్క సైటేషన్ అంటే ఇంకో గొడవ. అల్తుసర్ ప్రకారం పెట్టుబడిదారీ సమాజంలో పాతకాలపు చర్చి స్థానంలోకి బడి వచ్చింది అని మూడు వాక్యాలు రాసి, నాలుగోదాంట్లో మీరు అమీర్‌పేట కోచింగ్ హాస్టళ్ల ఉదాహరణ ఇచ్చి, చివర ఆయన పేరు పెట్టారనుకోండి, ఆయన అమీర్‌పేట గురించి కూడా రాసినట్టే అవుతుంది! సైటేషన్‌ని మూడో వాక్యం ముందుకు జరిపితే, ఆ మూడో వాక్యం మీదైపోతుంది. మొదటి వాక్యంలోనే "అల్తుసర్ అంటాడు" అని పేరు, సంవత్సరం పెట్టి, మధ్యలో "ఆయన దృష్టిలో" అని గుర్తు చేస్తూ పోయి, మీ మాట మొదలైనచోట "మన దగ్గర చూస్తే" అని గీత గీయండి, చదివేవాడికి ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది.

ఇదే వ్యాసం ఫుట్‌నోట్‌లో అల్తుసర్ ఇటలీ మార్క్సిస్టు ఆలోచనాపరుడు గ్రాంషీ పేరు తీస్తాడు, రాజ్యమంటే అణచివేత యంత్రాంగమొక్కటే కాదని, చర్చి, బడి, యూనియన్ లాంటివీ అందులోకి వస్తాయని ముందే పట్టుకున్నాడని. మీరు గ్రాంషీని తెరవకుండా ఈ మాట వాడుకుంటే, వాక్యంలో గ్రాంషీ పేరు రాసి "అల్తుసర్ ప్రస్తావించినట్టు" అని పెట్టండి, చివరి లిస్ట్‌లో అల్తుసర్ ఒక్కడే ఉండాలి. నా పేపర్లో ఇద్దరూ ఉన్నారు, వైవాలో గ్రాంషీ ఏ పేజీ అని అడిగితే నీళ్లు నమిలాను.