డిటెన్షన్ వసూలు చేశానని సరుకు యజమానికే చెబితే

అమెరికాలో ట్రక్ డిస్పాచర్‌గా పనిచేసి లాజిస్టిక్స్ కోఆర్డినేటర్ ఉద్యోగానికి దరఖాస్తు చేసేవారి రెజ్యూమెల్లో, పైన ఉండే నాలుగు వాక్యాల సారాంశంలో అంకెలు ఉండాలని అందరూ చెబుతారు. నిజమే. కానీ ఆ అంకె ఎవరి వైపు నుంచి లెక్కించినదో చెప్పేవారు తక్కువ. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. డాలస్ దగ్గర 22 ట్రక్కులున్న రవాణా సంస్థ. అందులో నాలుగేళ్లుగా డిస్పాచర్‌గా ఉన్న వ్యక్తి వారానికి 85 లోడ్లు నడిపిస్తాడు. అతని రెజ్యూమెలో మొదటి గొప్ప: "ఏడాదిలో డిటెన్షన్ వసూళ్లు రెట్టింపు చేశాను." గిడ్డంగి దగ్గర ట్రక్కు సాధారణంగా రెండు గంటలు ఉచితంగా ఆగుతుంది. ఆ తర్వాత ప్రతి గంటకూ రవాణా సంస్థ అడిగే రుసుమే డిటెన్షన్. డిస్పాచర్‌కు అది సంస్థకు తెచ్చిపెట్టిన ఆదాయం. ఇప్పుడు అతను దరఖాస్తు పంపుతున్నది సరుకు పంపే కంపెనీకి. ఆ రుసుము కట్టేది వాళ్లే. మీలాంటి వారి దగ్గర బాగా వసూలు చేశానని చెప్పుకున్నట్టు అయింది!

ఖాళీ మైళ్ల సంగతీ ఇంతే. 22 ట్రక్కులు వారానికి 44,000 మైళ్లు తిరిగితే, అందులో ఖాళీగా నడిచేవి 18 శాతం నుంచి 13 శాతానికి తగ్గడమంటే వారానికి 2,200 మైళ్లు మిగలడం. రవాణా సంస్థకు అది బంగారం. సొంత ట్రక్కులు లేని కంపెనీకి మాత్రం దానితో పెద్దగా పని లేదు. సొంత ట్రక్కులున్న కంపెనీకి దరఖాస్తు చేస్తే ఆ వాక్యం ఉంచుకోవచ్చు, లేదంటే కిందికి జరపాలి.

మరి పైన ఏముండాలి? అదే డిటెన్షన్ కథను ఆగిన సమయం వైపు నుంచి చెప్పాలి. అక్కడి నిబంధనల ప్రకారం డ్రైవరు పని మొదలుపెట్టాక 14 గంటల్లోపే, గరిష్ఠంగా 11 గంటలు బండి నడపాలి. గిడ్డంగి దగ్గర ఎదురుచూసినా ఆ 14 గంటల గడియారం సాధారణంగా ఆగదు. అంటే మధ్యాహ్నం గిడ్డంగి దగ్గర పోయిన మూడు గంటలు మర్నాటి డెలివరీని ఆలస్యం చేయవచ్చు. మన డిస్పాచర్ రెండు గిడ్డంగుల్లో మధ్యాహ్నం రద్దీని గమనించి, అపాయింట్‌మెంట్లను ఉదయం 8 గంటలలోపుకు మార్పించాడనుకుందాం. ఆగే సమయం సగటున 3 గంటల 10 నిమిషాల నుంచి 1 గంట 50 నిమిషాలకు తగ్గింది. సమయానికి చేరిన లోడ్లు నూటికి 88 నుంచి 95 అయ్యాయి. ఈ రెండూ కారణమూ ఫలితమూ కాబట్టి ఒకే వాక్యంలో నిలబడతాయి.

ఇంటర్వ్యూలో ఈ 95ను తప్పకుండా గిల్లి చూస్తారు. దేనితో పోల్చారు? జూలై–సెప్టెంబరును అంతకుముందు జనవరి–మార్చితో పోలిస్తే, మంచు తగ్గిన ఖ్యాతి కూడా డిస్పాచర్ ఖాతాలో పడుతుంది. నిరుటి అవే నెలలతో పోల్చాలి. అంతకన్నా ఇబ్బందికరమైన ప్రశ్న మరొకటి ఉంది. ట్రక్కు ఆలస్యమవుతుందని ముందే ఫోను చేసి అపాయింట్‌మెంట్ మార్పించుకుంటే, కొత్త సమయానికి చేరిన లోడును సకాలంలో చేరినట్టు లెక్కిస్తారా? చాలా అంకెలు అలాగే మెరుస్తాయి. సరుకు అందుకునేవారు మాత్రం మొదటి తేదీనే చూడవచ్చు. వాల్‌మార్ట్ వంటి దుకాణాలు సమయానికి, పూర్తి పరిమాణంలో చేరని సరుకుపై సరఫరాదారుల నుంచి జరిమానా రాబడతాయి. అందుకే మొదటి అపాయింట్‌మెంట్‌తోనే మళ్లీ లెక్కేసుకోవాలి. 95 కాస్తా 92 అయితే 92 అనే రాయాలి.

అప్పుడు సారాంశం ఇలా వస్తుంది (దాన్ని ఇంగ్లీషులో రాసుకోవలసిందే, భావం ఇది): "నాలుగేళ్లు 22 ట్రక్కులకు డిస్పాచర్‌ని, వారానికి 85 లోడ్లు. రెండు గిడ్డంగుల అపాయింట్‌మెంట్ వేళలు మార్పించి ట్రక్కులు ఆగే సమయాన్ని సగటున 80 నిమిషాలు తగ్గించాను. ఫలితంగా, మొదటి అపాయింట్‌మెంట్ ప్రకారం సకాలంలో చేరిన లోడ్లు నిరుటి అదే త్రైమాసికంతో పోలిస్తే నూటికి 86 నుంచి 92కు పెరిగాయి. గిడ్డంగులు, డ్రైవర్లు, కస్టమర్ల మధ్య ఈ పనిని సరుకు వైపు నుంచి చేయాలనుకుంటున్నాను."

మొదటి అంకె కూడా 88 నుంచి 86కు దిగిందని గమనించారా? పద్ధతి మారితే రెండు వైపులా మారాలి. ఒకవైపే సరిచేస్తే అది మరో మోసం. అలాగే ఎన్నో రవాణా సంస్థల నుంచి ధరలు తెప్పించుకుని వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కోఆర్డినేటర్ పనిలో పెద్ద భాగం. ఈ డిస్పాచర్ ఆ పని చేయలేదు కాబట్టి సారాంశంలో ఆ మాట లేదు.

ఇంకొకటి. ఈ లెక్కలు ఉద్యోగంలో ఉండగానే వేసుకోవాలి, రాజీనామా తర్వాత సంస్థ కంప్యూటర్‌లోని వివరాలు మీకు అందవు. అలాగని పాత సంస్థ పట్టికలు ఇంటికి తెచ్చుకోకూడదు. కస్టమర్ల పేర్లు, లోడు ధరలు అక్కడే వదిలి, శాతాలూ సగటులూ నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు.