ఒప్పందం ప్రభుత్వానిది, వాత జీతగాడికా?

ఒకే జీతం మీద జర్మనీ ఒకసారి పన్ను పట్టింది, మన దేశం మళ్లీ కట్టమంటోంది. అక్కడ కట్టినది మినహాయించాల్సిన మన పన్నుల శాఖ, ఫారం ఆలస్యంగా వచ్చిందంటూ చేతులు దులుపుకుంది. ప్రొద్దుటూరు నుంచి హైదరాబాద్ మీదుగా జర్మనీ వెళ్లిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి వచ్చిన డిమాండ్ నోటీసు సారాంశం ఇదే. ఆ కాగితాలు మేము చూశాం. చూశాక ఊరుకోవడం మా వల్ల కాలేదు.

రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లే వాళ్లకు ఈ తలనొప్పి తెలియదు. అక్కడ జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఏడాది పొడవునా అక్కడే ఉంటారు కాబట్టి ఇక్కడ నాన్ రెసిడెంట్లవుతారు, ఆ జీతం జోలికి మన శాఖ రాదు. అందుకే మన వైపు ఇళ్లలో పెద్దవాళ్లు 'బయటి దేశం జీతానికి ఇక్కడ పన్ను ఉండదులే నాయనా' అని ధీమాగా చెబుతారు. యూరప్‌కు ఏడాది మధ్యలో బయల్దేరిన ఉద్యోగిని ముంచేది ఆ ధీమాయే.

ఉద్యోగం కోసం దేశం వదిలే వ్యక్తి ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంటే. అప్పుడు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ లెక్క చూపాలి. ఈ ఉద్యోగి 2023 అక్టోబర్ 8న విమానమెక్కాడు. ఏప్రిల్ 1 నుంచి లెక్కేస్తే 191 రోజులు. పది రోజులు ముందు వెళ్లి ఉంటే ఈ సంపాదకీయమే ఉండేది కాదు.

ఆ ఏడాది స్టాండర్డ్ డిడక్షన్ పోను ఇక్కడి జీతం 10 లక్షలు, అక్టోబర్ నుంచి మార్చి వరకు జర్మనీ జీతం మన డబ్బులో 20 లక్షలు, మొత్తం 30 లక్షలు. కొత్త విధానంలో అప్పటి రేట్ల ప్రకారం దానిపై సెస్సుతో కలిపి పన్ను 6,24,000, అంటే సగటున 20.8 శాతం. జర్మనీ జీతం వాటాకు పడే మన పన్ను 4,16,000. అక్కడి కంపెనీ జీతంలో పట్టుకున్న పన్ను 3 లక్షలు. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకు మన ప్రభుత్వం క్రెడిట్ కింద మినహాయించాలి. 1995లో జర్మనీతో మనం సంతకం చేసిన ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం 23వ అధికరణం చెప్పేది, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 90వ సెక్షన్ కింద అమలు కావాల్సింది ఇదే. కాబట్టి ఇక్కడ కట్టాల్సింది 3,24,000. అతను అంతే కట్టాడు. (అక్కడ 5 లక్షలు పట్టి ఉంటే 4,16,000 వరకే వచ్చేది. మిగతా 84 వేలు వచ్చే ఏడాదికి కూడా మారవు, పోయినట్టే. ప్రభుత్వం తన వాటాకు మించి ఒక్క రూపాయి వదులుకోదు మరి.)

రిటర్ను 2024 జులైలోనే వేశాడు. విదేశీ ఆదాయం చూపే షెడ్యూల్ ఎఫ్‌ఎస్‌ఐ, క్రెడిట్ అడిగే షెడ్యూల్ టీఆర్ రెండూ నింపాడు. విదేశంలో కట్టిన పన్ను వివరాలు, ఆధారాలు ఇచ్చే ఫారం 67 ఒక్కటి మిగిలింది. జర్మనీలో పన్ను ఏడాది జనవరి నుంచి డిసెంబర్ వరకు. 2024 జనవరి-మార్చి జీతం కూడా కలిసిన వార్షిక సర్టిఫికెట్ కంపెనీ నుంచి చేతికొచ్చింది 2025 ఫిబ్రవరిలో. ఆ కాగితం కోసం ఆగి, నెలనెలా పట్టిన పన్నును రూపాయల్లోకి మార్చి, ఫారం ఎక్కించేసరికి ఏప్రిల్ వచ్చింది. ఆ మార్పిడికీ ఒక నిబంధన ఉంది, పన్ను పట్టిన నెలకు ముందు నెల చివరి రోజున స్టేట్ బ్యాంకు ఇచ్చిన టీటీ కొనుగోలు రేటే, అంటే విదేశీ కరెన్సీని బ్యాంకు కొనే రేటే వాడాలి. ఫారం గడువు మార్చి 31. మే నెలలో నోటీసు దిగింది: క్రెడిట్ సున్నా, కట్టాల్సింది 3 లక్షలు, దాని మీద ముందస్తు పన్ను తక్కువ కట్టినందుకు 234బీ సెక్షన్ కింద నెలకు 1 శాతం వడ్డీ, 14 నెలలకు 42 వేలు. మొత్తం మీద 30 లక్షల ఆదాయానికి రెండు దేశాలకు పోయే పన్ను 6,24,000 నుంచి 9,24,000కు చేరింది. వడ్డీ అదనం.

నిజానికి ఆ సర్టిఫికెట్ కోసం ఆగక్కర్లేదు. పన్ను పట్టినట్టు చూపే పే స్లిప్పులు జతచేసి, సొంత సంతకంతో స్టేట్‌మెంట్ ఇచ్చినా చాలని ఆ చట్టం కింద చేసిన ఆదాయపు పన్ను నిబంధనల్లో 128వ నిబంధనే చెబుతోంది. ఈ మాట అతనికి చెప్పాల్సిన ఆడిటరూ చెప్పలేదు, జర్మనీ పంపిన కంపెనీ హెచ్‌ఆర్ విభాగమూ చెప్పలేదు.

ఆధారం లేకుండా ఎవరు పడితే వారు విదేశీ పన్ను కట్టామంటే ఎలా నమ్మేది, గడువంటూ ఒకటి ఉండాలి కదా అని శాఖ అంటుంది. గడువు ఉండాల్సిందే, ఆధారమూ అడగాల్సిందే. ఇక్కడ మాత్రం ఆధారం అబద్ధమని శాఖ అనలేదు. పన్ను కట్టలేదనీ అనలేదు. కట్టిన మాట నిజమే కానీ కాగితం ఆలస్యమైంది కాబట్టి మళ్లీ కట్టు అంటోంది. ఫారం ఆలస్యమైతే క్రెడిట్ రద్దని 128వ నిబంధనలో ఎక్కడా లేదు. చట్టంలో లేదు, జర్మనీ ఒప్పందంలో అసలే లేదు. రెండు ప్రభుత్వాలు సంతకాలు చేసిన మాటను ఒక ఫారం గడువు కొట్టేయగలదా?

కొట్టేయలేదని 2021లో ఆదాయపు పన్ను అప్పీళ్లు వినే బెంగళూరు ట్రిబ్యునల్ చెప్పింది. 2023లో మద్రాసు హైకోర్టూ చెప్పింది, ఫారం దాఖలు విధానానికి సంబంధించిన విషయమే తప్ప హక్కును హరించేది కాదని. మధ్యలో 2022లో మన విశాఖ ట్రిబ్యునల్ మాత్రం ఆలస్యమైన ఫారాన్ని ఒప్పుకోలేదు. అంటే ఒకే దేశంలో, ఒకే చట్టం కింద, ఫలానా బెంచీకి కేసు వెళితే డబ్బు మిగులుతుంది, ఇంకో బెంచీకి వెళితే పోతుంది. 2022 ఆగస్టులో కేంద్రమే గడువును రిటర్ను గడువు తేదీ నుంచి, ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాదైన అసెస్‌మెంట్ సంవత్సరం చివరికి జరిపింది. పాత గడువు అన్యాయమని ఒప్పుకోకుండానే జరుపుతారా? ఒప్పుకున్న శాఖే కొత్త గడువును పట్టుకుని మళ్లీ అదే పని చేస్తోంది.

మమ్మల్ని కలవరపెడుతున్నది ఈ ఒక్క నోటీసు కాదు, దాని వెనకున్న అలవాటు. కోర్టులో ఓడిన వాదనను శాఖ వదలదు, మరో వ్యక్తి మీద మళ్లీ వాడుతుంది. ఆ వ్యక్తి 30 రోజుల్లో ఫారం 35తో అప్పీలు వేస్తే సరే, వేయకపోతే ఆ సొమ్ము ఖజానాదే. వచ్చే ఏడాది రీఫండు ఏదైనా ఉంటే ఈ డిమాండు కింద సర్దేసుకుంటారు. అప్పీలు వేసేవాడికి న్యాయం, భయపడి కట్టేసేవాడికి రెండు పన్నులు. అనంతపురంలోనో నంద్యాలలోనో ఉన్న తల్లిదండ్రులు నోటీసు చూసి, పిల్లవాడి ఉద్యోగానికి ఏమవుతుందోనని హడలిపోయి అప్పు చేసి కట్టే వాళ్లే ఎక్కువ. ఆ భయం మీద వసూలయ్యే డబ్బును పన్ను రాబడి అని చూపుకోవడానికి సిగ్గుండాలి.

పరదేశాల సభల్లో మన మంత్రులు ద్వంద్వ పన్ను ఉండదని పెట్టుబడిదారులకు హామీలిస్తారు. అదే హామీ సొంత పౌరుడి జీతం దగ్గరకు వచ్చేసరికి ఫారం నంబరుగా కుంచించుకుపోతుంది. ఫారం 67 ఆలస్యమైనా, అసెస్‌మెంటు తేలేలోగా వస్తే క్రెడిట్ ఇవ్వాలని ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక్క సర్క్యులర్ ఇస్తే తెగిపోయే పని ఇది. హైకోర్టు తీర్పు వచ్చి ఇన్నాళ్లైనా ఆ పేజీ రాయడానికి చెయ్యి రాని వాళ్లు, ప్రొద్దుటూరు ఉద్యోగి బాకీ మీద నెలకు మూడు వేల వడ్డీ మాత్రం ఒక్క నెల కూడా తప్పకుండా లెక్కేశారు.