గడగడ చదివినంత మాత్రాన అర్థమైనట్టేనా? మూడో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఉత్తరం

"మూడో తరగతి పిల్లవాడు పాఠాన్ని తప్పు లేకుండా, వేగంగా పైకి చదివితే అర్థమైనట్టే. ఫోన్‌లో టైమర్ పెట్టి, నిమిషానికి 60 పదాలు వచ్చేదాకా అదే పాఠం చదివించండి. పాఠం కింద ప్రశ్నలకు జవాబులు రాయిస్తే చాలు. చదువు రాని తల్లిదండ్రులు ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు, ట్యూషన్‌లో చేర్చండి."

తల్లిదండ్రులకు నమస్కారం.

ఫోన్లలో తిరుగుతున్న ఈ సందేశాన్ని మీలో చాలామంది నాకు చూపించి, ఇలాగే చేయించమంటారా అని అడిగారు. నెల్లూరు జిల్లాలో సముద్రం పక్క మండలంలోని ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతికి పాఠాలు చెప్పే ఉపాధ్యాయినిగా, ఇందులోని ఒక్కొక్క మాటకు జవాబు రాస్తున్నాను.

మొదటి మాట తెలుగు విషయంలో మరీ పొరపాటు. మన లిపిలో రాసినదే పలుకుతాము. గుణింతాలు, ఒత్తులు పట్టుబడిన పిల్లవాడు ఎన్నడూ వినని మాటను కూడా తప్పు లేకుండా పలకగలడు. "ప్రాయోపవేశం" అని రాసి చూపిస్తే మా తరగతిలో సగం మంది చక్కగా చదువుతారు, దాని అర్థం మాత్రం ఒక్కరికీ తెలియదు. ఇంగ్లీషులో రాత ఒకటి, పలుకు ఒకటి కాబట్టి, కొత్త మాటను సరిగ్గా పలికిన పిల్లవాడు దాన్ని ఇదివరకు ఎక్కడో విని ఉంటాడని కొంతైనా అనుకోవచ్చు. తెలుగులో ఆ ఆనవాలు కూడా దొరకదు. అందువల్ల గొంతు విని అర్థాన్ని అంచనా వేయడం ఇక్కడ ఇంకా కష్టం.

1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయాన్ని ఒక గుణకారంగా చెప్పారు. అక్షరాలను మాటలుగా పలకగలగడం ఒకటి, ఆ మాటలు చెవిన పడితే అర్థం చేసుకోగలగడం రెండోది. ఈ రెండింటి లబ్ధమే చదివి అర్థం చేసుకోవడం. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. ఇంట్లో మీకు పనికివచ్చే పరీక్ష ఇందులోనే ఉంది. పిల్లవాడు చదివి చెప్పలేకపోయిన కథనే మీరో, వాడి అక్కో చదివి వినిపించండి. వింటే చెప్పగలిగాడంటే ఇబ్బంది అక్షరాల దగ్గర ఉంది, వాడికి ఇంకా పైకి చదివే సాధనే కావాలి. విన్నా చెప్పలేకపోయాడంటే, ఇబ్బంది మాటల అర్థంలోనో, వాక్యాలను కలుపుకోవడంలోనో ఉంది. అప్పుడు అదే పాఠాన్ని ఇంకో పదిసార్లు చదివించినా గొంతు వేగం పెరుగుతుందే తప్ప అర్థం రాదు.

నిమిషానికి 60 పదాలన్న సంఖ్య ఎవరో ఊహించినది కాదు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో మూడో తరగతి చివరికి చేరవలసిన లక్ష్యంగా అది ఉంది. అయితే అక్కడ "అర్థంతో" చదవాలని ఉంది. సందేశం రాసినవారు ఆ మాటను వదిలి సంఖ్యను మాత్రం తీసుకున్నారు. చదివినదాన్నే మళ్లీ చదవడం వల్ల తడబాటు తగ్గుతుందన్నది నిజమే. ప్రతి మాట దగ్గరా ఆగి కూడబలుక్కునే పిల్లవాడు వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు కాబట్టి వాడికి అది అవసరం కూడా. కాని టైమర్ ముందు కూర్చున్న పిల్లవాడు చుక్క దగ్గర ఆగడు, ప్రశ్నను ప్రశ్నలా పలకడు, తెలియని మాట వస్తే అడగకుండా దాటిపోతాడు, ఎందుకంటే ఆగితే లెక్క తగ్గుతుంది. మీ పిల్లవాడు ఒకే స్థాయి గొంతుతో, చుక్కలను మింగుతూ చదువుతుంటే టైమర్‌ను పక్కన పెట్టండి.

ఇక పాఠం కింద ప్రశ్నల సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే మంచి మార్కులు వచ్చే పిల్లల విషయంలో కూడా మనం మోసపోయేది ఇక్కడే. ఈ వాక్యం చూడండి: "గోమిడు చిలుకుదారిలో తొంబరను మిరికించాడు." ఇది నేను కల్పించినది, దీనికి ఏ అర్థమూ లేదు. ఇప్పుడు ప్రశ్న: గోమిడు దేనిని మిరికించాడు? జవాబు: తొంబరను. ఎక్కడ మిరికించాడు? చిలుకుదారిలో. రెండింటికీ పూర్తి మార్కులు వేయవలసిందే. "ను", "లో" అనే విభక్తులు ప్రశ్నలోని "దేనిని", "ఎక్కడ" అన్న మాటలకు సరిగ్గా అతుకుతాయి కాబట్టి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా వాక్యాన్ని ఎత్తి రాయవచ్చు. ఎవరు, ఏమిటి, ఎక్కడ అనే ప్రశ్నలకు జవాబు రాసిన నోటుబుక్కు పిల్లవాడు ఆ పేజీలో వెతకగలడని మాత్రమే చెబుతుంది.

అర్థమైందో లేదో తేల్చే ప్రశ్న ఎలా ఉంటుందో చూపడానికి ఒక చిన్న కథ రాశాను. మీరు కూడా ఇంట్లో చదివించవచ్చు.

"ఏప్రిల్ నెల సగం దాటింది. పోలయ్య పడవను ఒడ్డు మీదికి లాగించి, పందిరి కింద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మంగ దారం ఉండ తెచ్చి ఇచ్చింది. 'రేపైనా సముద్రం మీదికి పోవా నాయనా?' అని అడిగింది. 'జూన్ సగం దాకా పోకూడదమ్మా, ఇప్పుడు చేపలు గుడ్లు పెట్టే కాలం' అన్నాడు. మంగ ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్లి, గోడ మీద బొగ్గుతో గీసి ఉన్న గీతల పక్కన ఇంకొక గీత గీసింది."

మా తరగతిలో ఒక అబ్బాయి దీన్ని ఎక్కడా ఆగకుండా చదివాడు. పోలయ్య ఏం చేస్తున్నాడు, మంగ ఏం తెచ్చింది అని అడిగితే వెంటనే చెప్పాడు. గోడ మీద గీత ఎవరు గీశారని అడిగితే పోలయ్య అన్నాడు. చివరి వాక్యంలో కర్త లేదు. తెలుగులో ఇది మామూలే, ముందు వాక్యంలోని మనిషిని మనమే మోసుకొచ్చి ఈ వాక్యంలో నిలబెట్టుకోవాలి, "గీసింది" అన్న క్రియ చివర చూసి సరిచూసుకోవాలి. పెద్దలకు తెలియకుండానే జరిగిపోయే ఈ పనిని పిల్లలకు నేర్పాలి. నేను జవాబు చెప్పకుండా, ఆ వాక్యం మీద వేలు పెట్టించి, "గీశాడు అని ఉందా, గీసింది అని ఉందా?" అని అడిగాను. అప్పుడు మంగ అన్నాడు.

ఎందుకు గీసింది అని అడిగాను. ఆడుకోవడానికి అన్నాడు. ఇక్కడ "తప్పు, రోజులు లెక్కపెట్టుకోవడానికి" అని మనం చెప్పేస్తే వాడు దాన్ని బట్టీపట్టి రేపు అప్పజెప్పుతాడు. అందుకే వెనక్కి నడిపించాను. గోడ మీద అంతకుముందు గీతలు ఉన్నాయా అంటే, "ఇంకొక" అన్న మాటను చూపించి ఉన్నాయన్నాడు. మంగ వాళ్ల నాయనను ఏమడిగిందంటే, రేపైనా పోవా అని అడిగిందన్నాడు. "రేపైనా" అందంటే అంతకుముందు ఏం జరిగి ఉంటుందంటే, కాసేపు ఆలోచించి, "ఇన్ని రోజులుగా పోలేదు, జూన్ దాకా ఎన్ని రోజులో లెక్క గీసుకుంటోంది" అన్నాడు. ఎట్లా తెలిసిందో చూపించమంటే రెండు వాక్యాల మీద వేలు పెట్టాడు. ఆ జవాబు కథలో ఏ ఒక్క వాక్యంలోనూ లేదు, రెండు మూడు వాక్యాలను కలుపుకుంటేనే వస్తుంది.

ఇంట్లో చేయవలసింది ఇంతే. ఆరు నుంచి ఎనిమిది వాక్యాలున్న ముక్కను తీసుకోండి. 50 మాటల్లో 5కు మించి ఆగిపోతే అది వాడికి బరువైన పాఠం, తేలికైనది చూడండి. బొమ్మ ఉంటే చేత్తో మూయండి, లేకపోతే బొమ్మను చూసి కథ చెప్పేస్తాడు. ముందు మనసులో చదువుకోనివ్వండి, తర్వాత పైకి. పుస్తకం మూయించి, ఇంట్లో మాట్లాడే మాటల్లోనే కథ చెప్పమనండి. పుస్తకంలోని వాక్యాలనే వరసగా అప్పజెప్పితే, "మీ చెల్లెలికి చెప్పినట్టు చెప్పు" అని అడగండి. ఆ తర్వాత రెండు మూడు ప్రశ్నలకు మించవద్దు. వాటిలో ఒకటి "ఎందుకు" అని, ఇంకొకటి "ఎట్లా తెలిసింది, చూపించు" అని ఉండాలి. "అర్థమైందా?" అని మాత్రం అడగకండి, దానికి ఏ పిల్లవాడైనా అర్థమైందనే అంటాడు. ప్రతి వాక్యం తర్వాత ఆపి ప్రశ్నిస్తే కథ తెగిపోతుంది. మొత్తం పావుగంట చాలు.

చివరి మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. పైన చెప్పిన ప్రశ్నలు అడగడానికి మీకు అక్షరాలు రావలసిన పని లేదు. పిల్లవాడు కథ చెబుతుంటే ఎక్కడ అతకలేదో చదువు రాని తల్లికి కూడా వెంటనే తెలుస్తుంది. "మరి ముందు పడవ ఒడ్డున ఉందన్నావు కదా, ఇప్పుడు సముద్రంలో ఉందంటావేం, ఏముందో మళ్లీ చూడు" అంటే చాలు. పుస్తకం వాడి చేతిలోనే ఉంటుంది, వెతికేది వాడే.

పైగా చదువు రాని ఇంట్లో కూడా పాఠానికి కావలసిన తెలివిడి ఉంటుంది. 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు అమెరికాలో బేస్‌బాల్ ఆట గురించిన ఒక కథను పిల్లల చేత చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగి ఆట తెలియని పిల్లలకంటే కథను ఎక్కువగా అర్థం చేసుకున్నారు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. ఆ రోజులు ఇంట్లో ఎలా గడుస్తాయో చూసిన మత్స్యకారుల పిల్లలకు మంగ గీత వెంటనే అర్థమవుతుంది. ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ల పిల్లవాడికి ఈ కథను ఇస్తే ముందుగా నిషేధం సంగతి చెప్పాలి. అదే బోరు ఎండిన చేను గురించి కథ ఇస్తే ఆ పిల్లవాడికి వెంటనే అర్థమవుతుంది, మా పిల్లలు తడబడతారు. కాబట్టి వలలో, రొయ్యల చెరువులో, నారుమడిలో మీరు చేసే పనిని పేర్లతో సహా పిల్లలకు చెప్పండి, ఎందుకు అలా చేస్తారో చెప్పండి. రేపు ఆ మాట పాఠంలో ఎదురైనప్పుడు దాని వెనక ఒక వస్తువు, ఒక పని వాడి కళ్లముందు ఉంటాయి. నిమిషాలు లెక్కపెట్టి చదివించడం వల్ల అది రాదు, ట్యూషన్‌లో కూడా సందేశం చెప్పినట్టే చదివిస్తే అక్కడా రాదు.

ఇందులో ఒక హద్దు ఉంది. ఇంకా ఒత్తుల దగ్గర ఆగిపోతున్న పిల్లలకు ఈ ప్రశ్నలను చదివిన పాఠం మీద వేయకండి, మీరు చెప్పిన కథ మీద వేయండి. వారి అక్షరాల సాధనను నేను బడిలో వేరుగా చూసుకుంటాను. మిగిలినవారు, పిల్లవాడు ఏ వాక్యం దగ్గర తప్పు చెప్పాడో ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టించి, శనివారం పుస్తకం పంపండి. ఆ చుక్కలను చూసి, కర్త లేని వాక్యాల దగ్గర ఆగుతున్నాడా, తెలియని మాటల దగ్గర ఆగుతున్నాడా అన్నది చూసుకుని, సోమవారం నుంచి ఆ పిల్లవాడికి ఏ పాఠం ఇవ్వాలో నిర్ణయిస్తాను.