'తర్వాత చెబుదాంలే' గారికి బహిరంగ లేఖ

అయ్యా,

తమరు క్షేమమే అనుకుంటాను. మా కంపెనీలో ఉద్యోగానికి నేను రిఫర్ చేసిన కాలేజీ జూనియర్ దగ్గర మూడు వారాలుగా హాయిగా కాపురముంటున్నారని ఈ మధ్యాహ్నమే తెలిసింది.

ఎలా తెలిసిందో కూడా విన్నవిస్తాను. లంచ్ అయ్యాక మా మేనేజర్ దగ్గరికి వెళ్లి, "సార్, మనవాడి రెండో రౌండ్ అయి నెల దాటింది, ఏమైనా తేలిందా?" అని అడిగాను. అడగడం రెండోసారి. ఆయన లాప్‌టాప్ మీంచి తలెత్తి, "వాడు వేరేచోట చేరిపోయాడుగా! హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాడు. నీకు చెప్పలేదా?" అన్నారు. పక్క సీట్లో కొత్తమ్మాయి టైపింగ్ ఆపేసి మరీ విన్నది. రిఫరల్ పోర్టల్‌లో మాత్రం ఇప్పటికీ In Progress అనే ఉంది. అది ఆగిపోయిన గోడ గడియారం, దాన్ని ఏమనగలం?

ఇంటర్వ్యూకి ముందు తమరెక్కడికి వెళ్లారండీ? రాత్రి పదకొండింటికి "అన్నా, రెజ్యూమే చూశారా?", పొద్దున ఏడింటికి "అన్నా, అప్‌లోడ్ చేశారా?" అన్నప్పుడు ఒక్కసారైనా వాడికి తమరు గుర్తు రాలేదేం?

ఫెయిలైనవాళ్లు సిగ్గుపడి చెప్పరు. పోనీ, అర్థం చేసుకోగలను. కానీ చెబితే పనికొచ్చేది అప్పుడే. "అన్నా, రెండో రౌండ్‌లో పోయింది, డిజైన్ ప్రశ్న దగ్గర తడబడ్డాను" అని రెండు ముక్కలు రాస్తే, అసలు ఎక్కడ తగ్గిందో మేనేజర్ని టీ దగ్గర అడిగి చెప్పేవాణ్ణి. హెచ్‌ఆర్ పంపే మెయిల్లో ఆ సంగతి ఉండదు. మూడు నెలల తర్వాత స్వీట్ బాక్సుతో వచ్చి "మీ దయ" అనేవాళ్ల గురించి ఇక్కడ రాయను. స్వీట్లు బాగానే ఉంటాయి.

రిఫరల్ బోనస్ పోయిందని నా ఏడుపు అనుకుంటున్నారేమో. మా దగ్గర అది మనిషి చేరి మూడు నెలలు నిలబడితేగానీ రాదు. దాని మీద ఆశ ఎప్పుడో వదిలేశాను. నా కడుపుమంట వేరు. నిన్ననే ఇంకో జూనియర్ రెజ్యూమే వచ్చింది. మొదటివాడికంటే బాగుంది. దాన్నీ ఈ మధ్యాహ్నమే మేనేజర్ ముందు పెడదామని పట్టుకెళ్లాను. ఆ మాట విన్నాక దాన్ని బయటికి తీయడానికి ముఖం చెల్లలేదు. ఆ పిల్ల చేసిన తప్పేంటి? వేరేచోట చేరడం తప్పని ఎవడన్నాడు? హెచ్‌ఆర్‌కి మెయిల్ కొట్టిన చేత్తోనే నాకూ ఒక మెసేజ్ కొడితే వేళ్లు అరిగిపోతాయా?

ఇంతా తిట్టి ఒక నిజం దాచడం బాగోదు. 2013లో నాకు ఆఫర్ వచ్చిన సంగతి, నా రెజ్యూమే మోసిన సీనియర్‌కి నేను చెప్పలేదు. మెడలో కొత్త ఐడీ కార్డుతో లిఫ్ట్‌లో ఆయనకే ఎదురుపడ్డాను. "ఎప్పుడు చేరావ్?" అన్నారు.

"నిన్ననే సార్" అన్నాను. అప్పటికి చేరి పదకొండు రోజులు.

ఇట్లు,
తమ పాత స్నేహితుడు