కూలి పెరిగాక పనిరోజులు తగ్గితే అది బద్ధకమా?

"దేనికైనా రేటు పెరిగితే సరఫరా పెరగాలి. మేస్త్రీలకు కూలి వెయ్యి చేశాక నెలలో నాలుగు రోజులు ఎగ్గొడుతున్నారు. ఇది బద్ధకమే. కూలి తగ్గిస్తే వాళ్లే దారికొస్తారు." ఇలా అనేవాళ్లున్నారు. ఈ మాటల్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

రేటు, సరఫరా: ఉల్లిపాయల వ్యాపారి అమ్ముడుపోని బస్తాలను తనే కూర్చుని తినడు. కూలీ అమ్మేది తన రోజుని. అమ్మకుండా ఉంచుకున్న రోజు అతనికే పనికొస్తుంది. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఒక తాపీ మేస్త్రీ రోజుకు 700 చొప్పున నెలకు 26 రోజులు చేస్తున్నాడనుకుందాం. వచ్చేది 18,200. కూలి 1,000 అయింది. ఇప్పుడు ఒక రోజు ఇంట్లో ఉంటే పోయేది 700 కాదు, వెయ్యి. ఈ లెక్క అతన్ని పనివైపు లాగుతుంది. ఇది ప్రత్యామ్నాయ ప్రభావం. కానీ ఒక్క రోజు కూడా అదనంగా రాకుండానే, పాత 26 రోజుల మీదే నెలకు 7,800 ఎక్కువ వస్తోంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడితే మనిషి కొనుక్కునేవాటిలో విశ్రాంతి కూడా ఒకటి. ఇది ఆదాయ ప్రభావం. 22 రోజులకు దిగినా 22,000 వస్తుంది, అంటే పాతదానికంటే 3,800 ఎక్కువ. కూలి 400 ఉన్నప్పుడు పెంచితే, అప్పులూ స్కూలు ఫీజుల టెన్షన్‌తో ఇతనే రోజులు పెంచి ఉండేవాడు. అందుకే ఏ కూలికి ఎన్ని రోజులు పనిచేస్తారో చూపే శ్రమ సరఫరా రేఖ మొదట కుడివైపుకు ఎక్కి, ఒక స్థాయి దాటాక వెనక్కి వంగొచ్చు. అందరికీ వంగుతుందని కాదు, ఎక్కడ వంగుతుందో కూడా మనిషిని బట్టి మారుతుంది.

బద్ధకం: అతను ఆ నాలుగు రోజుల కోసం 4,000 వదులుకున్నాడు. నెలకు లక్షన్నర జీతమొచ్చే ఉద్యోగి శనివారం సెలవు కోరితే మాత్రం ఈ మాట ఎవరూ అనరు!

ఒకటి మాత్రం చూసుకోవాలి. ఒక్క రోజు గిరాకీ బాగుంటే ఎవరూ ధనవంతులైపోరు, కాబట్టి ఆ రోజు ఎక్కువసేపు పనిచేయడమే సహజం. న్యూయార్క్ టాక్సీ డ్రైవర్లు ఆ రోజు టార్గెట్ రాగానే బండి ఆపేస్తారని 1997లో ఒక అధ్యయనం చెప్పింది. తర్వాత చాలా పెద్ద డేటాతో 2015లో ఆర్థికవేత్త హెన్రీ ఫార్బర్ చూస్తే, గిరాకీ ఉన్నప్పుడు ఎక్కువసేపు నడిపేవాళ్లే ఎక్కువ. రేఖ వంగడం గురించి మాట్లాడాలంటే కూలి శాశ్వతంగా పెరిగి ఉండాలి.

కూలి తగ్గించడం: ఈ మేస్త్రీ మళ్లీ 26 రోజులు రావొచ్చు. కానీ వెయ్యి చూసి పెయింటింగ్ పని మానేసి వచ్చినవాడు వెనక్కి పోతాడు. కొత్తగా వచ్చేవాడికి పాత రోజుల మీద కలిసొచ్చేదేమీ లేదు కాబట్టి అతన్ని రప్పించేది రేటే. అందుకే ఒక్కో మనిషి రేఖ వంగినా, ఆ పనికి దొరికే మొత్తం మనుషులు పెరగొచ్చు. ఉన్నవాళ్లతోనే ఎక్కువ రోజులు చేయించాలంటే 22 దాటిన రోజులకు మాత్రమే 1,400 ఇవ్వాలి. ఫ్యాక్టరీల్లో ఓవర్‌టైమ్‌కు డబుల్ రేటు పనిచేసేది ఇలాగే: మొదటి గంటల మీద ఆదాయం పెరగదు, అదనపు గంట ధర మాత్రం పెరుగుతుంది.