ఫోటోలో వేడి కనిపించదు

మందుల షాపు నడుపుతున్నవాడిగా మొన్న ఊళ్లో నలుగురినీ కూర్చోబెట్టి చెప్పిన మాటలే ఇక్కడా రాస్తున్నాను. ఒంటి మీద ఏది వచ్చినా ఫోటో తీసి పంపి, "ఏ మందు పూయాలి?" అని అడుగుతున్నారు. ఫోటో పంపడం తప్పు కాదు. అది ఒక్కటే చూసి మందు చెప్పమంటేనే నాకు కోపం. అడిగిందే తడవుగా చెప్పేసే మా దుకాణదారుల మీద ఇంకా ఎక్కువ కోపం.

ఒకాయన పిక్క మీద ఎర్రటి వాపు ఫోటో పంపి, దురద ఆయింట్‌మెంట్ ఇవ్వమన్నారు. చూస్తే పురుగు కుట్టినట్టే ఉంది. "చేతి వెనక వైపుతో రెండు పిక్కలూ తాకి చూడండి, తేడా ఉందా?" అని అడిగాను. వాచిన కాలు కాలిపోతోందన్నారు. నొక్కితే నొప్పి, రాత్రి చలితో జ్వరం, వేళ్ల సందుల్లో ఒరిసి పగుళ్లు, పైగా షుగరు. ఇవేవీ ఫోటోలో లేవు. ఆయనకు మందు ఇవ్వకుండా ఆ పూటే డాక్టరు దగ్గరికి పంపాను. అది సెల్యులైటిస్ అని తేలింది. పగుళ్లలోంచి దూరిన బ్యాక్టీరియా చర్మం లోపలి పొరలకు పాకే జబ్బు. దానికి డాక్టరు రాసిచ్చే యాంటీబయాటిక్ కావాలి. దురదకు వాడే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ పూస్తే పైన ఎరుపు తగ్గినట్టు కనిపించవచ్చు, లోపల జబ్బు మాత్రం సాగుతూనే ఉంటుంది.

రంగును నమ్ముకోవద్దనడానికి ఇంకో కారణం ఉంది. నల్లని, చామనచాయ చర్మం మీద వాపు ఎర్రగా కాక ముదురుగానో, ఊదాగానో కనిపిస్తుంది. దానికి తోడు ఫోను తనంతట తానే వెలుతురు సరిచేసి ఆ కాస్త తేడానూ చెరిపేస్తుంది. వేడి, నొప్పి మీ చేతికే తెలుస్తాయి.

వాపు పాకుతోందా లేదా అన్నది కూడా ఒక్క ఫోటోతో తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు దాని అంచు వెంట పెన్నుతో గీత గీసి, పక్కన టైము రాయండి. గీత దాటితే పాకుతున్నట్టే. అయితే జ్వరమో షుగరో ఉన్నవాళ్లు గీత దాటేదాకా ఆగకూడదు, వెంటనే వెళ్లాలి. కంటికి కనిపించేదానికి మించి భరించలేని నొప్పి ఉన్నా, చర్మం నల్లబడినా, బొబ్బలు లేచినా, మొద్దుబారినా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి. చర్మం కింద లోతైన పొరలను తినేసే ఇన్‌ఫెక్షన్ మొదట్లో ఫోటోలో చిన్న మచ్చలాగే ఉండవచ్చు.

జ్వరంతో పాటు ఒంటి మీద చుక్కలు వస్తే, పలుచని గాజు గ్లాసు ఆనించి గట్టిగా నొక్కండి. గ్లాసులోంచి చూసినా చుక్కలు మాయం కాకపోతే చర్మం కింద రక్తం కారుతున్నట్టు. అలాంటప్పుడు నాకు ఫోటో పంపి జవాబు కోసం ఎదురుచూడకండి, ఆసుపత్రికి బయలుదేరండి. చుక్కలు మాయమైనా పిల్లవాడు మగతగా పడి ఉంటే అప్పుడూ అంతే.